‘అనివార్య కారణాల వల్ల’: ఫోర్స్ మెజ్యూర్ నోటీసు భాష – ఒక పరిశీలన

ప్రవేశిక

‘అనివార్య కారణాల వల్ల సరఫరాకు అంతరాయం కలిగినది. చింతిస్తున్నాము.’ ఈ తరహా వాక్యం తెలుగు ప్రకటనలలో సుపరిచితం. సభ వాయిదా పడినా, బస్సు రాకపోయినా ఇదే మాట. సభకు సరిపోవచ్చు గానీ, ముందుగా సొమ్ము చెల్లించిన కొనుగోలుదారుకు పంపే నోటీసుకు ఇది చాలదు. ఫోర్స్ మెజ్యూర్ అంటే ఫ్రెంచిలో ‘మించిన బలం’ అని అర్థం. ఆ బలం ఏమిటో పేరు పెట్టి చెప్పినప్పుడే మినహాయింపుకు ఆధారం ఏర్పడుతుంది. ‘అనివార్య కారణాలు’ అన్న పదబంధం ఆ పేరునే దాచిపెడుతుంది.

చట్టం అడిగేది

భారత ఒప్పందాల చట్టం, 1872లో ఈ ఫ్రెంచి మాట లేదు. ఒప్పందంలోనే ఇటువంటి నిబంధన ఉంటే 32వ సెక్షను, లేకుంటే ఒప్పందం అమలు అసాధ్యమైన సందర్భంలో 56వ సెక్షను వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2017 నాటి ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పులో వివరించింది. ఇండొనేషియా బొగ్గు ధర పెరగడం వల్ల అమలు భారమైందే గాని అసాధ్యం కాలేదని ఆ తీర్పు సారాంశం.

కోవిడ్ నేపథ్యంలో 2020 ఫిబ్రవరి 19న కేంద్ర ఆర్థికశాఖ జారీచేసిన మెమొరాండం ప్రభుత్వ కొనుగోళ్లకు సంబంధించినదే అయినా, నోటీసు రాసేవారికి మంచి కొలమానం. అది ప్రస్తావించిన కొనుగోళ్ల మాన్యువల్ ప్రకారం ఘటన జరిగిన వెంటనే నోటీసు ఇవ్వాలి. తరువాత ఎప్పుడో తీరికగా కోరరాదు. ఈ నిబంధన బాధ్యతను తుడిచివేయదు, ఆ కాలానికి నిలిపి ఉంచుతుంది. ఆటంకం 90 రోజులు దాటితే ఏ పక్షమైనా ఒప్పందాన్ని ముగించుకోవచ్చు.

రాణీగంజ్ నుండి ఒక ఊహాత్మక నోటీసు

సికింద్రాబాదు రాణీగంజ్‌లో అపార్ట్‌మెంట్లకు నీటి మోటార్లు అమ్మే ఒక వర్తకుణ్ణి ఊహిద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2020 మార్చి 22న లాక్‌డౌన్ ప్రకటించింది. 25 నుండి అది దేశమంతటా అమలైంది. అప్పటికి అతని చేతిలో మూడు ఆర్డర్లున్నాయి. మొదటిది మార్చి 10 నాటికే ఇవ్వవలసిన 12 మోటార్లు. రెండవది మార్చి 28కి ఇవ్వవలసిన 30 మోటార్లు. అవి కోయంబత్తూరు ఫ్యాక్టరీలో నిలిచిపోయాయి. మూడవది మార్చి 30కి ఇవ్వవలసిన 10; అవి గోదాములోనే ఉన్నాయి, దుకాణం మాత్రం మూతపడింది.

‘అంతరాయం కలిగినది’ అన్న క్రియ ఈ మూడింటినీ ఒకే గాటన కడుతుంది. మొదటి ఆర్డరు లాక్‌డౌన్‌కు ముందే గడువు తప్పింది. పాత జాప్యానికి మహమ్మారిని సాకుగా చూపరాదని 2020 మే 29న హాలిబర్టన్–వేదాంత వివాదంలో ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట ఇక్కడ వర్తిస్తుంది. దానిని నోటీసులో చేర్చితే మిగిలిన రెంటి విశ్వసనీయతా దెబ్బతింటుంది. రెండవ దానికి ‘తెప్పించలేకపోతున్నాము’ అనడం సబబు. ‘లేక’ అన్న అంశం అశక్తతను సూచిస్తుంది, కర్త బాధ్యతనూ నిలుపుతుంది. ‘రాలేదు’ అంటే ఈ రెండూ పోతాయి. మూడవ దానికి ‘తెరవడానికి అనుమతి లభించిన మూడు రోజులలో అందజేస్తాము’ అనవచ్చు. ‘రద్దయినది’ అనే క్రియ మాత్రం ఎక్కడా పనికిరాదు. నిలుపుదల, రద్దు ఒకటి కావు.

కారణాన్ని రాయడంలోనూ జాగ్రత్త అవసరం. అత్యవసరమా కాదా అన్న భేదం లేకుండా అన్ని సరుకుల రవాణాకూ అనుమతి ఉందని కేంద్ర హోంశాఖ మార్చి 29న స్పష్టం చేసింది. కాబట్టి ఏప్రిల్‌లో ‘రవాణా నిషేధం వల్ల’ అని రాస్తే కొనుగోలుదారు సులువుగా ఖండించగలడు. ‘ఫ్యాక్టరీ మూతపడినందున’ అన్నది వాస్తవమైతే అదే రాయాలి, ఫ్యాక్టరీ పంపిన లేఖను జతచేయాలి.

నష్టనివారణ

నోటీసులో ఎక్కువగా బలహీనపడే భాగం ఇదే. ‘తగు చర్యలు తీసుకుంటున్నాము’ అనడం చర్యను చెప్పినట్లు కాదు. మన వర్తకుడు ఇలా రాయవచ్చు: ‘అదే సామర్థ్యం గల వేరొక కంపెనీ మోటార్లు 8 మా వద్ద ఉన్నాయి, మీకు సమ్మతమైతే వాటిని పాత ధరకే ఇస్తాము. ఇష్టం లేనివారు చెల్లించిన అడ్వాన్సును ఈ నోటీసు తేదీ నుండి పదిహేను రోజులలో తిరిగి పొందవచ్చు. తదుపరి సమాచారం ఏప్రిల్ 15న తెలియజేస్తాము.’ ఎనిమిది మోటార్లకు పదిమంది అడిగితే ఎవరికి ముందు అన్న ప్రశ్న వస్తుంది. ఆర్డరు తేదీల క్రమమా, ఆర్డరు పరిమాణాన్ని బట్టి పంపకమా అన్నది నోటీసులోనే ప్రకటించడం మేలు. లేకుంటే పెద్ద ఖాతాదారుకే ముందు దక్కిందన్న అనుమానం తప్పదు.

ఇక ‘చింతిస్తున్నాము’ గురించి. మర్యాదకు ఉండవచ్చు. కానీ తెలుగు నోటీసులలో అది తరచుగా వివరణ ఉండవలసిన చోటును ఆక్రమిస్తున్నది. అది చివర ఉంటే చాలు. దానికి ముందు ఏ ఘటన, ఏ తేదీ, ఏ ఆర్డరు, ఎన్ని మోటార్లు అన్నవి ఉండాలి.