ఆటోలో పెట్టినా అదరని వాల్వు

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ వెలిగించిన తొలి గంటల్లో డ్రమ్ములోకి వెళ్లే నీటిని ఆపరేటరే చూసుకుంటాడు. లెవల్ తగ్గితే ఫీడ్ వాల్వు కాస్త తెరుస్తాడు, పెరిగితే కాస్త మూస్తాడు. మంటలు నిలకడగా మండి, లోడు ఒక దారిలో పడ్డాక ఈ పనిని కంట్రోలర్‌కి అప్పగిస్తాడు. అప్పగించడమంటే తెర మీద మాన్యువల్ నుంచి ఆటోకి మార్చడమే. నొక్కేది ఒక్క బటనే. అయితే ఆ క్షణంలో వాల్వు ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి. ఒక్కసారిగా సగం మూసుకున్నా, పూర్తిగా తెరుచుకున్నా గొడవే. ఇలా వాల్వుకు కుదుపు తగలకుండా చేతి నుంచి కంట్రోలర్‌కి పని మారడాన్ని ఇంజనీర్లు బంప్‌లెస్ ట్రాన్స్‌ఫర్ అంటారు.

రామగుండం, సింహాద్రి కేంద్రాల్లోని 500 మెగావాట్ల యూనిట్లకు డ్రమ్ముండే బాయిలర్లే ఉన్నాయి. పూర్తి లోడులో ఇలాంటి బాయిలర్ గంటకు 1,500 టన్నులకు పైగా ఆవిరి పుట్టిస్తుంది. పోయిన ఆవిరికి సరిపడా నీరు ఎప్పటికప్పుడు లోపలికి రావాలి. డ్రమ్ములో నీరు తగ్గిపోతే గోడల గొట్టాలు చల్లబడక కాలిపోతాయి. ఎక్కువైతే ఆవిరితోపాటు నీటి తుంపర సూపర్‌హీటర్‌లోకి, అక్కడి నుంచి టర్బైన్‌లోకి చేరి బ్లేడ్లను దెబ్బతీస్తుంది. అందుకే లెవల్ అటో ఇటో హద్దు దాటగానే రక్షణ వ్యవస్థ యూనిట్‌నే ఆపేస్తుంది.

డ్రమ్ములో ఇంకో చిక్కు ఉంది. ఫీడ్ వాల్వు ఉన్నట్టుండి మూసుకుంటే లెవల్ వెంటనే పడిపోవాలని అనుకుంటాం. నిజానికి మొదట పెరిగినట్టు కనిపించవచ్చు. డ్రమ్ము నీటికన్నా చల్లగా ఉండే ఫీడ్ నీరు తగ్గేసరికి లోపల ఆవిరి బుడగలు ఎక్కువై నీరు పొంగుతుంది. కంట్రోలర్ ఆ పొంగును నిజమైన నీరని నమ్మి వాల్వును ఇంకా మూస్తుంది. పొంగు దిగేసరికి నీరు నిజంగానే తగ్గిపోయి ఉంటుంది. అంటే మార్పిడి క్షణంలో తగిలిన కుదుపు ఆ క్షణంతో పోదు, కొన్ని నిమిషాలపాటు లెవల్‌ను ఊపుతూనే ఉంటుంది.

కుదుపు ఎందుకు వస్తుందో తెలియాలంటే కంట్రోలర్ లెక్క చూడాలి. పరిశ్రమల్లో ఎక్కువగా వాడే కంట్రోలర్ వాల్వుకు పంపే అంకెను రెండు భాగాలుగా కడుతుంది. ఉండాల్సిన లెవల్‌కి, ఉన్న లెవల్‌కి మధ్య తేడాను ఒక గుణకంతో హెచ్చిస్తే వచ్చేది మొదటి భాగం. దీన్ని ప్రపోర్షనల్ అంటారు. ఇది ఈ క్షణాన్ని మాత్రమే చూస్తుంది. ఆ తేడాను కాలంతోపాటు కూడుకుంటూ పోయేది రెండో భాగం, ఇంటిగ్రల్. ఇది గతాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తేడా సున్నా అయ్యాక కూడా వాల్వును తగినంత తెరిచి ఉంచేది ఈ జ్ఞాపకమే. మార్పిడి సమయంలో ఇబ్బంది పెట్టేది కూడా ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డ్రమ్ము లెవల్ 50 శాతం ఉండాలి, ఇప్పుడు 45 దగ్గర నిలిచి ఉంది. ఆపరేటర్ వాల్వును 40 శాతం తెరిచి ఉంచాడు. వస్తున్న నీరు, పోతున్న ఆవిరి సమానంగా ఉన్నాయి కాబట్టి లెవల్ కదలడం లేదు. కంట్రోలర్ గుణకం 2, ఇంటిగ్రల్ కాలం 5 నిమిషాలు అనుకుందాం. తేడా 5, గుణకం 2, కాబట్టి ప్రపోర్షనల్ భాగం 10. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ ఇంటిగ్రల్ సున్నా దగ్గరే ఉందనుకుంటే, ఆటో నొక్కగానే కంట్రోలర్ చెప్పే అంకె 10. వాల్వు 40 నుంచి 10కి పడిపోతుంది. నీరు తక్కువై ఇంకాస్త కావాల్సిన సమయంలోనే ఉన్న నీటినీ కట్టేసినట్టవుతుంది.

పోనీ మాన్యువల్‌లో ఉన్నప్పుడు కూడా ఇంటిగ్రల్‌ను తన లెక్క తనను చేసుకోనిస్తేనో? ఈ అంకెలతో అది నిమిషానికి 2 శాతం చొప్పున పెరుగుతుంది. ఆపరేటర్ 40 నిమిషాల తర్వాత ఆటో నొక్కితే అది 80కి చేరి ఉంటుంది. దానికి ప్రపోర్షనల్ 10 కలిస్తే వాల్వు 40 నుంచి 90కి ఎగురుతుంది. చేతి పని ఎంతసేపు సాగిందన్నదాన్ని బట్టి కుదుపు పెరుగుతుందన్నమాట. వాల్వును నడుపుతున్నది తాను కాదని తెలియని కంట్రోలర్, తన మాట ఎవరూ వినడం లేదన్నట్టు గొంతు పెంచుకుంటూ పోయింది.

దీనికి మందు లెక్కను తిరగేయడం. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ కంట్రోలర్ ప్రతి స్కాన్‌లోనూ వాల్వు అంకెను చూసి, అందులోంచి ప్రపోర్షనల్ భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని ఇంటిగ్రల్‌గా రాసుకుంటుంది. మన ఉదాహరణలో 40 లోంచి 10 పోతే 30. ఆపరేటర్ వాల్వును 42 చేస్తే ఇంటిగ్రల్ 32 అవుతుంది. ఇప్పుడు ఏ క్షణంలో ఆటో నొక్కినా 30కి 10 కలిసి 40 అవుతుంది. వాల్వు కదలదు. కావడి భుజం మార్చుకునేవాడు రెండో భుజం బద్ద కిందికి ఆనించాకే మొదటి భుజం తప్పిస్తాడు, అందుకే కుండలు తొణకవు. ఇక్కడ రెండో భుజం ఆ 30.

సీమెన్స్ వారి స్టెప్ 7 సాఫ్ట్‌వేర్‌లో `CONT_C` అనే పాత కంట్రోలర్ బ్లాక్ ఉంది. `MAN_ON` వేసినప్పుడు అది చేసే పని సరిగ్గా ఇదే:

```
INT = LMN - LMN_P - DISV
```

`LMN` అంటే వాల్వుకు పోయే అంకె, `LMN_P` ప్రపోర్షనల్ భాగం. `DISV` అంటే బయటి మార్పుల కోసం ముందుగానే కలిపే దిద్దుబాటు. ఈ రెండూ తీసేయగా మిగిలింది ఇంటిగ్రల్. ఒక్క వరుసే, కానీ కుదుపు రాకుండా ఆపేది అదే.

కుదుపు లేదంటే వాల్వు ఇక కదలదని కాదు. 5 శాతం తేడా అలాగే ఉంది కాబట్టి ఇంటిగ్రల్ 30 నుంచి నిమిషానికి 2 చొప్పున పెరగడం మొదలుపెడుతుంది. వాల్వు మెల్లగా తెరుచుకుంటుంది, లెవల్ పైకి వస్తుంది. తేడా తగ్గేకొద్దీ ప్రపోర్షనల్ 10 నుంచి సున్నాకి దిగుతుంది. లోడు మారకపోతే చివరికి ఇంటిగ్రల్ 40 దగ్గర కుదురుకుని, బరువంతా తనే మోస్తుంది. ఈ మెల్లని కదలికను చూసి ట్రాన్స్‌ఫర్ సరిగా జరగలేదని కంగారుపడి మళ్లీ మాన్యువల్‌కి లాక్కోవడం తొందరపాటే. మెట్టులా ఎగిరితే తప్పు, వాలులా సాగితే అది కంట్రోలర్ పని చేస్తున్నట్టే.

ఆ వాలు కూడా వద్దనుకునేవారికి ఇంకో దారి ఉంది. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ సెట్‌పాయింటే అసలు లెవల్‌ను వెంబడించేలా చేస్తారు. అప్పుడు ఆటో నొక్కేసరికి సెట్‌పాయింట్ 45, లెవల్ 45, తేడా సున్నా. వాల్వు ఎగరదు, జరగదు. తర్వాత ఆపరేటర్ సెట్‌పాయింట్‌ను మెల్లగా 50కి తెచ్చుకుంటాడు. ఇందులో ప్రమాదం మతిమరుపు. ఆటోలో పెట్టి వేరే పనిలో పడితే కంట్రోలర్ బుద్ధిగా 45 దగ్గరే నీటిని కాపాడుతూ కూర్చుంటుంది. డ్రమ్ము లెవల్‌లా ఉండాల్సిన విలువ ఎప్పుడూ ఒకటే అయిన చోట మొదటి పద్ధతే మేలు. ఆపరేటర్ అవసరాన్ని బట్టి మార్చుకునే ఉష్ణోగ్రతల వంటి వాటికి రెండోది సరిపోతుంది.

కంప్యూటర్లు రాకముందు కంట్రోలర్లు గాలి పీడనంతో నడిచేవి. వాల్వుకు పోయే సంకేతం 3 నుంచి 15 పీఎస్ఐ గాలి. అప్పట్లో ఆటోకి మార్చేముందు చేతి రెగ్యులేటర్ పీడనాన్ని, కంట్రోలర్ పీడనాన్ని పక్కపక్కన చూసి, సెట్‌పాయింట్ మీట తిప్పుతూ రెండూ సమానమయ్యాకే స్విచ్ వేసేవారు. ఆ ఓపిక లేనివాడి చేతిలో వాల్వు ఎగిరేది. ఇప్పుడు ప్రతి స్కాన్‌లోనూ సాఫ్ట్‌వేర్ చేసే తీసివేత ఆ మనిషి చేసిన పనే.

అయినా ఇప్పటికీ కుదుపులు వస్తాయి. ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. మొదటిది, వాల్వు నిజంగా ఎక్కడుందో కంట్రోలర్‌కి తెలియనప్పుడు. ఎవరో వాల్వు దగ్గరికి వెళ్లి చేతి చక్రంతో దాన్ని 55కి తిప్పారనుకోండి. కంట్రోలర్ మాత్రం తాను పంపిన 40నే నమ్ముకుని ఉంటుంది. చక్రాన్ని వదలగానే వాల్వు 55 నుంచి 40కి దూకుతుంది. ఇక్కడ లెక్క తప్పలేదు, సమాచారమే తప్పు. ట్రెండ్‌లో దీన్ని పట్టుకోవడం తేలిక. కంట్రోలర్ అవుట్‌పుట్ గీత తిన్నగా ఉండి, ఫీడ్ నీటి ప్రవాహం గీత ఎగిరితే లోపం వాల్వు దగ్గర ఉన్నట్టు. అవుట్‌పుట్ గీతే మెట్టులా మారితే లోపం కంట్రోలర్ అమరికలో ఉన్నట్టు. వాల్వు స్థానాన్ని చెప్పే ట్రాన్స్‌మిటర్ ఉంటే ఆ విలువనే వెంబడించేలా అమర్చాలి. లేకపోతే చక్రం వదిలేముందు ఆపరేటర్ అవుట్‌పుట్‌ను వాల్వు ఉన్నచోటికి తెచ్చి పెట్టాలి.

రెండోది, కంట్రోలర్ మీద కంట్రోలర్ ఉన్నప్పుడు. లోడు తక్కువగా ఉన్నప్పుడు లెవల్ ఒక్కదాన్నే చూసి వాల్వును నడుపుతారు. సుమారు 30 శాతం లోడు దాటాక ఆవిరి ప్రవాహాన్ని, ఫీడ్ ప్రవాహాన్ని కూడా లెక్కలోకి తెచ్చే త్రీ ఎలిమెంట్ పద్ధతికి మారతారు. అందులో లెవల్ కంట్రోలర్ వాల్వును ముట్టుకోదు. ఆవిరి ప్రవాహానికి తన దిద్దుబాటు కలిపి, ఇంత నీరు కావాలని ప్రవాహ కంట్రోలర్‌కి చెబుతుంది. ఆవిరి గంటకు 600 టన్నులు, ఫీడ్ 610 టన్నులు నడుస్తున్నాయనుకుందాం. ఆ 10 టన్నులు బ్లోడౌన్‌లో పోతున్నాయి. అప్పుడు లెవల్ కంట్రోలర్ దిద్దుబాటు ముందుగానే 10 దగ్గర సిద్ధంగా ఉండాలి. లోపలి ప్రవాహ కంట్రోలర్ మాన్యువల్‌లో ఉన్నంతసేపూ పై కంట్రోలర్ ఈ తేడాను వెంబడిస్తూ ఉండాలి. ఆ లింకు వేయడం మరిచిపోతే, లోపలిది ఎంత బాగా అమర్చినా పైదాన్ని కలిపిన క్షణంలో కుదుపు తప్పదు. కలిపేటప్పుడు కూడా ముందు లోపలిది ఆటోలోకి రావాలి, ఆ తర్వాతే పైది.

ఇంటిగ్రల్ లేకుండా ప్రపోర్షనల్‌తో మాత్రమే నడిచే కంట్రోలర్లకు ఈ మందు పూర్తిగా పనిచేయదు. మార్పిడి వేళ తేడాను దాచుకోవడానికి వాటిలో ఇంటిగ్రల్ లేదు. స్థిరంగా కలిపే బయాస్ అంకెలో దాచితే కుదుపు పోతుంది కానీ ఆ అంకె తనంతట తాను మారదు కాబట్టి లెవల్ ఉండాల్సిన చోటికి చేరదు. అందుకని బయాస్‌ను మెల్లగా అసలు విలువకు జరిపే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.

కొత్తగా లూప్ అమర్చినవారు ఇది పనిచేస్తోందో లేదో లోడు నిలకడగా ఉన్నప్పుడే చూసుకోవాలి. లెవల్‌కి, సెట్‌పాయింట్‌కి మధ్య కాస్త తేడా ఉండగా మాన్యువల్‌కి తెచ్చి, అవుట్‌పుట్‌ను ఒకటి రెండు శాతం మార్చి, కొన్ని నిమిషాలు ఆగి ఆటో నొక్కాలి. తేడా సున్నా దగ్గర ఉండగా చేసిన పరీక్షలో చెడ్డ అమరిక కూడా పాసైపోవచ్చు. ప్రతిసారీ ఆపరేటర్ లెవల్‌ను సెట్‌పాయింట్‌కి తెచ్చాకే భయంభయంగా ఆటో నొక్కుతున్నాడంటే అతనికి అనుభవం ఉందని మెచ్చుకుని వదిలేయకండి. ఆ లూప్ ట్రాకింగ్ అమరికను ఒకసారి తెరిచి చూడండి.