ప్రత్యాశలు, ద్రవ్య విధానం: ముందే తెలిసిన విధానం ఉత్పత్తిని ఎందుకు పెంచలేకపోవచ్చు?

గత పాఠంలో మీరు ఫిలిప్స్ రేఖను చదివారు. ద్రవ్యోల్బణాన్ని కొంత పెరగనిస్తే నిరుద్యోగిత తగ్గుతుందని ఆ రేఖను చూస్తే అనిపిస్తుంది. ఈ పాఠంలో ఒకే ప్రశ్నను పరిశీలిద్దాం. రిజర్వ్ బ్యాంకు ద్రవ్య సరఫరాను పెంచబోతున్నదని ప్రజలకు ముందే తెలిస్తే, అప్పుడు కూడా ఉత్పత్తి పెరుగుతుందా? దీనికి జవాబు ప్రజలు రాబోయే ధరలను ఎలా అంచనా వేస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ అంచనాలనే అర్థశాస్త్రంలో ప్రత్యాశలు అంటాం.

ఆదోని పత్తి: రెండు రకాల అంచనాలు

ద్రవ్యం సంగతికి వెళ్లేముందు ఆదోని మార్కెట్ యార్డును ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ ప్రాంత రైతు ఎన్ని ఎకరాల్లో పత్తి వేయాలో జూన్‌లో నిర్ణయించుకోవాలి. అతనికి కావలసింది మాత్రం అక్టోబరు తరువాత పంట యార్డుకు చేరినప్పుడు పలికే ధర. అది జూన్‌లో ఎవరికీ తెలియదు. కనుక అతను నిరుటి ధరను, అంతకు ముందటి ధరలను చూసి ఒక అంచనాకు వస్తాడు. నిరుడు తన అంచనా ఎంత తప్పిందో చూసి, అందులో కొంత భాగం మేరకు ఈ ఏటి అంచనాను సవరించుకుంటాడు. ఇవే అనుసరణాత్మక ప్రత్యాశలు. వీటిని అడాప్టివ్ ఎక్స్‌పెక్టేషన్స్ అంటారు. ఫిలిప్ కేగన్ 1956లో తీవ్ర ద్రవ్యోల్బణాన్ని వివరించడానికీ, మార్క్ నెర్లోవ్ 1958లో రైతుల సాగు నిర్ణయాలను వివరించడానికీ ఈ పద్ధతినే వాడారు.

దీనిలో ఒక చిక్కుంది. 2022 ఆరంభంలో ఆదోనిలో క్వింటాలు పత్తి రూ.10,000 దాటింది. తరువాతి ఖరీఫ్‌లో దేశంలో పత్తి విస్తీర్ణం పెరిగింది. పంట వచ్చాక ధర ఆ స్థాయిలో నిలవలేదు. గడిచిన ధరను మాత్రమే చూసేవారు ఇలాంటి మలుపును ముందుగా పట్టుకోలేరు. విస్తీర్ణం పెరుగుతోందన్న సమాచారం జూలైలోనే అందుబాటులో ఉన్నా, వారి సూత్రంలో దానికి చోటు లేదు. జిన్నింగ్ మిల్లు యజమాని మాత్రం దాన్ని వదులుకోడు. జాన్ మ్యూత్ 1961లో వ్యవసాయ ధరల సందర్భంలోనే ఈ విషయాన్ని లేవనెత్తాడు. అంచనాలు ఎప్పుడూ ఒకే దిక్కున తప్పుతుంటే, ఆ తప్పును గమనించినవాడు లాభం చేసుకుంటాడు. అందువల్ల అలాంటి తప్పు ఎక్కువకాలం నిలవదు. ప్రజలు గతాన్నే కాక, అందుబాటులో ఉన్న సమాచారమంతటినీ వాడి అంచనా వేస్తారని భావిస్తే, వాటిని హేతుబద్ధ ప్రత్యాశలు అంటాం.

హేతుబద్ధం అంటే అంచనా ఎన్నడూ తప్పదని కాదు. పరీక్షల్లో చాలామంది ఇలాగే రాసి మార్కులు పోగొట్టుకుంటారు. వాన పడక, తెగులు సోకి అంచనా తప్పవచ్చు. ప్రతిసారీ ఒకే వైపు తప్పదు, అంతే.

ఎమ్మిగనూరు మగ్గం: ఒక లెక్క

ఇప్పుడు ఎమ్మిగనూరు వెళ్దాం. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల పేరు తెచ్చుకున్న ఊరు అది. సొంతంగా నూలు కొని, చీరలు నేసి అమ్ముకునే ఒక నేతకారుడిని ఊహించండి. మామూలుగా ఏడాదికి 100 చీరలు నేస్తాడు. చీర ధర 8 శాతం పెరిగింది. ఎక్కువ నేయాలా, వద్దా? నూలు, రంగులు, బియ్యం ధరలు కూడా 8 శాతం పెరిగితే అతనికి మిగిలేదేమీ లేదు. మిగతా ధరలు 4 శాతమే పెరుగుతాయని అతను అనుకుంటే మాత్రం, చీరకు నిజంగానే గిరాకీ పెరిగిందని భావించి మగ్గం మీద మరికొన్ని గంటలు కూర్చుంటాడు. తన సరుకు ధర అతనికి వెంటనే తెలుస్తుంది, మిగతా ధరలన్నీ ఆలస్యంగా తెలుస్తాయి. రాబర్ట్ లూకాస్ 1972లో నిర్మించిన సిద్ధాంతానికి ఈ సమాచార లోపమే ఆధారం.

లెక్క కోసం మూడు విషయాలు అనుకుందాం. ద్రవ్య సరఫరా ఎంత శాతం పెరిగితే ధరలన్నీ అంతే శాతం పెరుగుతాయి. వాస్తవ ద్రవ్యోల్బణం అంచనాను ఒక శాతం మించితే 2 చీరలు ఎక్కువవుతాయి, ఒక శాతం తగ్గితే 2 చీరలు తగ్గుతాయి. ఇంతవరకు ద్రవ్యోల్బణమూ దాని అంచనా రెండూ 4 శాతమే.

రిజర్వ్ బ్యాంకు ద్రవ్యాన్ని ఏటా 8 శాతం పెంచడం మొదలుపెట్టింది. అనుసరణాత్మక ప్రత్యాశల ప్రకారం నేతకారుడు నిరుటి తప్పులో సగం సవరించుకుంటాడనుకోండి. మొదటి ఏడు అతని అంచనా 4, తప్పు 4, చీరలు 108. రెండో ఏడు అంచనా 6, చీరలు 104. మూడో ఏడు అంచనా 7, చీరలు 102. నాలుగో ఏడు అంచనా 7.5, చీరలు 101. ఉత్పత్తి పెరిగింది కానీ నిలవలేదు. దాన్ని 108 దగ్గరే నిలపాలంటే రెండో ఏడు 10 శాతం, మూడో ఏడు 12 శాతం, ఇలా ద్రవ్యోల్బణాన్ని పెంచుకుంటూ పోవాలి. మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఎడ్మండ్ ఫెల్ప్స్ 1960ల చివర్లో చెప్పింది ఇదే. అంచనా 8కి చేరాక మళ్లీ 4 శాతానికి దిగితే చీరలు వరుసగా 92, 96, 98, 99 అవుతాయి. ముందు వచ్చిన 15 చీరలూ ఈ నాలుగేళ్లలో పోతాయి.

హేతుబద్ధ ప్రత్యాశలతో ఇదే లెక్క చేయండి. 8 శాతం పెంచుతామని బ్యాంకు ముందే ప్రకటించింది, జనం నమ్మారు. నూలు వ్యాపారి తన ధరలో దాన్ని కలుపుకుంటాడు. నేతకారుడు ద్రవ్య విధానం చదవనక్కరలేదు, నూలు ధర అడిగితే చాలు. అంచనా 8, వాస్తవం 8, చీరలు మొదటి ఏడే 100. ప్రకటించింది 8, పెంచింది 10 అయితే చీరలు 104. ప్రకటించింది 8, పెంచింది 4 అయితే చీరలు 92. ఇక్కడ ఆగి గమనించండి. 4 శాతం కూడా పెరుగుదలే, అయినా ఉత్పత్తి పడిపోయింది. ఉత్పత్తిని కదిపేది ద్రవ్యం ఎంత పెరిగిందన్నది కాదు, ఊహించినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడా. థామస్ సార్జెంట్, నీల్ వాలెస్ 1975లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మాంద్యం వచ్చినప్పుడల్లా ద్రవ్యం పెంచడం బ్యాంకు నియమమైతే, ఆ నియమం కూడా జనానికి తెలిసిపోతుంది. తెలిసిన నియమం ఎవరినీ ఆశ్చర్యపరచలేదు. పోనీ ఏటా ఆశ్చర్యపరుద్దామంటే, అదీ ఒక నియమమే అయిపోతుంది.

లూకాస్ 1973లో 18 దేశాల గణాంకాలు పోల్చాడు. అర్జెంటీనా వంటి దేశాల్లో ధరలు విపరీతంగా ఊగుతుండేవి. అక్కడ ద్రవ్య గిరాకీ పెరిగితే ధరలే పెరిగాయి, ఉత్పత్తి దాదాపు కదలలేదు. మన నేతకారుడు కూడా మాటిమాటికీ మోసపోతే, చీర ధర పెరిగినప్పుడల్లా బియ్యం ధరా పెరిగే ఉంటుందనుకుంటాడు.

ఎక్కడ చెల్లదు?

శీర్షికలో 'పెంచలేకపోవచ్చు' అన్న మాట కావాలనే వాడాను. పై లెక్కలో ధరలన్నీ వెంటనే మారతాయని అనుకున్నాం. సంఘం దగ్గరో షావుకారు దగ్గరో మజూరీకి నేసేవారి సంగతి వేరు. చీరకు ఇంత అని మజూరీ ఒకసారి కుదిరితే కొన్నాళ్లు మారదు. ఆ మధ్యలో ద్రవ్యం పెరుగుతుందని అందరికీ తెలిసినా, చీర ధర పెరుగుతుంది, మజూరీ పెరగదు. షావుకారుకు లాభం కనిపించి మరిన్ని మగ్గాలకు పని ఇస్తాడు. ఇక్కడ ఎవరూ మోసపోలేదు, అయినా ఉత్పత్తి పెరిగింది. స్టాన్లీ ఫిషర్ 1977లో ఈ వాదనే చేశాడు. ముందే తెలిసిన విధానానికి బలం లేదన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు రాలేదని నా అభిప్రాయం.

రెండో పరిమితి నమ్మకం. 2016లో చట్ట సవరణ ద్వారా మన ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతంగా, హద్దులు 2 నుంచి 6 శాతంగా నిర్ణయమయ్యాయి. 2022లో వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటడంతో రిజర్వ్ బ్యాంకు కారణాలు వివరిస్తూ ప్రభుత్వానికి లేఖ రాయవలసి వచ్చింది. హైదరాబాద్ సహా పలు నగరాల్లో బ్యాంకు జరిపే కుటుంబాల సర్వేలో, జనం చెప్పే అంచనా సాధారణంగా ప్రకటిత లక్ష్యం కంటే బాగా ఎక్కువగా ఉంటోంది. ఇటీవల కొన్న కూరగాయల ధరలే వారి మాటల్లో ఎక్కువగా వినిపిస్తాయి. గృహస్థుల ప్రత్యాశలు అనుసరణాత్మకానికి దగ్గరగా, బాండ్ల వ్యాపారులవి హేతుబద్ధానికి దగ్గరగా ఉంటాయనుకోవడం సమంజసం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో నేతకారుడు నిరుటి తప్పులో సగానికి బదులు నాలుగింట మూడు వంతులు సవరించుకుంటే, 8 శాతం ద్రవ్యోల్బణం కింద మొదటి మూడేళ్లలో చీరలు ఎన్ని? (జవాబు: 108, 102, 100.5)

2. బ్యాంకు 4 శాతానికి దిగుతామని ప్రకటించింది. సగం మంది నేతకారులు నమ్మి 4 అని, మిగతా సగం నమ్మక 8 అని అంచనా వేశారు. మాట ప్రకారం ద్రవ్యోల్బణం 4 శాతమే అయితే, ఒక్కో వర్గంలో నేతకారుడు నేసే చీరలు ఎన్ని? నష్టపోయినది ఏ వర్గం, ఎందుకు?