లైవ్ లొకేషన్: ఎవరికి? ఎంతసేపు?

"క్యాబ్ ఎక్కగానే లైవ్ లొకేషన్ పెట్టమ్మా." రాత్రి షిఫ్టులకు వెళ్లే అమ్మాయిలున్న ఇళ్లలో ఈ మాట రోజూ వినిపిస్తుంది. ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఎంతసేపు పెట్టాలి, ఎవరికి పెట్టాలి అన్నది మాత్రం చాలామంది ఆలోచించరు. తెర మీద మొదట కనిపించినదాన్ని నొక్కేసి ఫోను బ్యాగులో వేసుకుంటారు.

వాట్సాప్‌లో Location నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఇప్పుడున్న చోటును ఒక్కసారి పంపి ఊరుకుంటుంది. రెండోది Share live location. అది మనతో పాటే కదులుతుంది. దానికి గడువు 15 నిమిషాలు, గంట, 8 గంటలు. ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి.

గచ్చిబౌలిలో రాత్రి తొమ్మిదిన్నరకు క్యాబ్ ఎక్కిన అమ్మాయి ముప్పావు గంటలో మియాపూర్ చేరుతుందనుకుందాం. ఎందుకైనా మంచిదని 8 గంటలు పెట్టింది. పదింబావుకు ఇల్లు చేరి, తలుపు గడియ పెట్టుకుని పడుకుంది. ఆమె ఆపకపోతే మ్యాపు మీద చుక్క మాత్రం తెల్లవారుజామున ఐదున్నర దాకా ఆ అపార్ట్‌మెంట్ మీదే వెలుగుతూ ఉంటుంది. దారిలో ఉన్నప్పుడు ఆ చుక్క ఆమెకు రక్షణ. ఇంటి మీద ఆగిపోయాక అది ఆమె చిరునామా.

ఆ లొకేషన్ పెట్టింది ఇంట్లో వాళ్ల గ్రూపులో అయితే సంగతి ఇంకోలా ఉంటుంది. అన్నయ్య పెళ్లికి మొదలుపెట్టిన గ్రూపులో బంధువులతో పాటు ఫొటోగ్రాఫరూ, డెకరేషన్ అతనూ ఇప్పటికీ ఉండవచ్చు. గ్రూపులో పెట్టిన లైవ్ లొకేషన్ అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ బయటివాళ్లను ఆపుతుందే కానీ, గ్రూపులో ఉన్నవాళ్లను కాదు. అందుకే అమ్మకో, నాన్నకో, అక్కకో విడిగా పంపడం మేలు. ముప్పావు గంట దారికి గంట చాలు. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. ఇల్లు చేరగానే Stop sharing నొక్కాలి.

గడువు ముగిశాక కూడా ఒకటి మిగులుతుంది. షేర్ చేయడం ఎక్కడ మొదలుపెట్టారో ఆ చోటు చిన్న బొమ్మగా చాట్‌లోనే ఉండిపోతుంది. ఇంటి గుమ్మంలో నిలబడి మొదలుపెడితే మిగిలేది ఇంటి గుర్తే. ఆ మెసేజ్‌ను అందరికీ కనిపించకుండా డిలీట్ చేస్తేనే అది పోతుంది.

రోజూ ఒక్కో చుక్క చొప్పున పోగైతే ఏమవుతుందో 2015లో హార్వర్డ్ విద్యార్థి అరన్ ఖన్నా చేసి చూపించాడు. అప్పట్లో ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్ మెసెంజర్ నుంచి వెళ్లే మెసేజ్‌లకు మామూలుగానే లొకేషన్ జతయ్యేది. అతను రాసిన బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఆ లొకేషన్లన్నిటినీ ఒకే మ్యాపు మీద పేర్చింది. ఒకే గ్రూప్ చాట్‌లో ఉన్నంత మాత్రాన, ఒక మనిషి ఎక్కడ ఉంటాడో, ఏ వేళకు ఎక్కడికి వెళ్తాడో అంచనా కట్టగలిగాడు. ఫేస్‌బుక్ అతనికి ఇస్తానన్న ఇంటర్న్‌షిప్‌ను వెనక్కి తీసుకుంది. కొద్ది రోజుల్లోనే మెసెంజర్‌నూ మార్చింది.

గూగుల్ మ్యాప్స్‌లో ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. అందులో గంటల లెక్కతో పాటు Until you turn this off అనే వీలు కూడా ఉంది. దానికి గడువు లేదు. చూసేవాళ్లకు మీ ఫోను బ్యాటరీ ఎంత ఉందో కూడా తెలుస్తుంది. తాళం తీసి ఉన్న ఫోను కాసేపు చేతికి చిక్కితే చాలు, ఇంకొకరు మీకు తెలియకుండానే దీన్ని తమ ఖాతాకు ఆన్ చేసుకోగలరు. మ్యాప్స్ తెరిచి, పైన ఉన్న మీ ఫొటో నొక్కి, Location sharing లోకి వెళ్తే ఎవరెవరు చూస్తున్నారో పేర్లు కనిపిస్తాయి. వాట్సాప్‌లో అయితే Settings, Privacy, Live location వరుసలో వెళ్లాలి.

అక్కడ వేధించే భర్త పేరో, వెంటపడే మనిషి పేరో కనిపిస్తే వెంటనే ఆపేయాలనిపిస్తుంది. కానీ ఆపగానే అవతలివాళ్ల మ్యాపు మీద నుంచి మీ చుక్క మాయమవుతుంది. అది గొడవకు దారితీసే ఇంట్లో ముందు ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన వాళ్ల దగ్గర ఉంచాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, క్షేమంగా ఉండే చోటు చూసుకున్నాకే ఆపాలి.

ఒక మనిషి కదలికలను నిరంతరం కనిపెట్టే హక్కు పోలీసులకైనా ఉందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాదకద్రవ్యాల కేసులో ఫ్రాంక్ వైటస్ అనే నిందితుడికి బెయిల్ ఇస్తూ, దర్యాప్తు అధికారికి తెలిసేలా గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ పెట్టాలని షరతు విధించారు. 2024 జులై 8న న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం ఆ షరతును కొట్టేసింది. బెయిల్ మీద ఉన్న మనిషి ప్రతి కదలికనూ గమనించే వీలు పోలీసులకు ఇవ్వడం, రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన గోప్యత హక్కుకు విరుద్ధమని చెప్పింది.