ఒంట్లో బాగోలేని రోజు ఏది ఆపాలి? ఏది ఆపకూడదు?

"రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. ఏమీ తినలేదు. తినలేదు కదా అని ఇన్సులిన్ మానేశాను. మాత్రలు మాత్రం వేసుకున్నాను." షుగరున్న పెద్దవాళ్ళ నుంచి తరచూ వినే మాట ఇదేనని డయాబెటిస్ ఎడ్యుకేటర్ చెప్పగానే, ఆ సీనియర్ సిటిజన్ల హాల్లో సగం మంది తలలూపారు. "ఇక్కడే తిరగబడింది. ఆపకూడనిది ఆపారు, ఆపాల్సినవి వేసుకున్నారు" అన్నారామె.

ముందు వరుసలోని ఒక పెద్దాయన లేచారు. "తినకపోతే షుగర్ ఎలా పెరుగుతుందమ్మా?"

జబ్బు చేసినప్పుడు దాన్ని తట్టుకోవడానికి ఒళ్ళు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. అవి లివర్‌లో దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపిస్తాయి. ఉన్న ఇన్సులిన్‌ను కూడా సరిగా పనిచేయనివ్వవు. అందుకే కడుపు ఖాళీగా ఉన్నా మీటర్ మీద 250 కనిపించవచ్చు. రాత్రిపూట ఒకసారి తీసుకునే గ్లార్జిన్ లాంటి ఇన్సులిన్‌ను పూర్తిగా మానకూడదని చెప్పేది ఇందుకే. రోజుకు రెండుసార్లు భోజనానికి ముందు వేసుకునే మిక్స్‌డ్ ఇన్సులిన్ సంగతి వేరు. తిండి తగ్గితే దాని డోసు తగ్గించాల్సి రావచ్చు. ఎంత తగ్గించాలన్నది డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి, సొంతంగా మానేయకూడదు.

మాత్రల్లో చిక్కేమిటంటే, ఒకే గోళీలో రెండు మందులుండటం. ఆమె ఒక స్ట్రిప్ తిప్పి వెనకవైపు చూపించారు. చిన్న అక్షరాల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని రెండు పేర్లున్నాయి. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తే అది పేరుకుపోతుంది. అరుదుగానే అయినా రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగి ప్రాణం మీదకు రావచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల తీరు ఇంకోరకం. అవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, దానితో నీరు కూడా పోతుంది. తిండి లేని వేళ ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేస్తుంది, ఈ మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది. అప్పుడు మీటర్‌లో 180 మాత్రమే ఉన్నా రక్తం ఆమ్లంగా మారుతూ ఉండవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, వేగంగా, లోతుగా ఊపిరి తీసుకోవడం దాని గుర్తులు. ఆస్పత్రికి వెళ్తే ఫలానా మాత్ర వాడుతున్నానని ముందుగా చెప్పాలి. లేకపోతే షుగర్ మామూలుగానే ఉందని పంపించేసే వీలుంది.

అయితే ప్రతి జలుబుకీ ఇవన్నీ ఆపనక్కర్లేదు. అన్నం, నీళ్ళు మామూలుగా దిగుతుంటే మందులూ మామూలే. వాంతులు, విరేచనాలు, లేదా ఏమీ దిగనంత జ్వరం ఉన్నప్పుడే ఈ మార్పులు.

ఆమె బోర్డు మీద ఒక ఉదాహరణ రాశారు. 68 ఏళ్ళ మనిషి. పొద్దున గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, రాత్రి 14 యూనిట్ల గ్లార్జిన్, బీపీకి టెల్మిసార్టన్. తెల్లవారుజామున విరేచనాలు మొదలయ్యాయి. ఎనిమిది గంటలకు షుగర్ 214. ఆ రోజుకు షుగర్ మాత్రలు రెండూ ఆగుతాయి. టెల్మిసార్టన్ కూడా నీరు తగ్గినప్పుడు కిడ్నీలను ఇబ్బంది పెట్టవచ్చు, కాబట్టి డాక్టరును అడిగి ఆపాలి. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి పెయిన్‌కిల్లర్లు వేసుకోకూడదు.

నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకుంటూ, గంటకు ఒక గ్లాసు చొప్పున ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగాలి. "అందులో చక్కెరుంటుంది కదమ్మా" అని ఒకావిడ అడిగారు. ప్యాకెట్ కలిపిన లీటరు నీళ్ళలో గ్లూకోజ్ 13.5 గ్రాములే, నష్టం లేదన్నారామె. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు తక్కువ తాగమన్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

షుగర్ 70 కన్నా తగ్గితే అరగ్లాసు నీళ్ళలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. రాత్రికి గ్లార్జిన్ వేసుకోవాలి. అయితే పొద్దుటి నుంచి షుగర్ 100 కిందికి దిగుతూ ఉంటే డోసు గురించి అడిగాకే వేసుకోవాలి. రెండుసార్లు వరుసగా 300 దాటినా, నీళ్ళు కూడా ఇమడకపోయినా, మూత్రం బాగా తగ్గినా, మాటలు తడబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

"మళ్ళీ మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలి?" అన్నది చివరి ప్రశ్న. మామూలుగా తిని తాగడం మొదలై 24 నుంచి 48 గంటలు గడిచాక, అంతకుముందున్న డోసులోనే. బాగైపోయాక కూడా ఆపిన మాత్రను మరచిపోయి నెల తర్వాత 350 షుగర్‌తో వచ్చేవాళ్ళూ ఉంటారని, అందుకే ఏది ఏ రోజు ఆపారో క్యాలెండర్‌లో రాసుకోమని ఆమె చెప్పారు.