షాట్ ఒక్కటే, పాలే వేరు

కెఫేలో గోడ మీది బోర్డు చూస్తే పది పదిహేను రకాల కాఫీలున్నట్టు అనిపిస్తుంది. నిజానికి లాటే, ఫ్లాట్ వైట్, కాపుచినో, మకియాటో, అమెరికానో, ఈ ఐదింటికీ మూలం ఒకటే, ఎస్ప్రెసో. సన్నగా పట్టిన కాఫీ పొడిని చిన్న జల్లెడ గిన్నెలో గట్టిగా అదిమి, మరుగుకు కాస్త తక్కువ వేడి ఉన్న నీళ్లను మెషీన్ ఒత్తిడితో దాంట్లోంచి తోస్తుంది. అరనిమిషంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిక్కటి కాఫీ దిగుతుంది. దాన్నే షాట్ అంటారు. మనింట్లో డికాక్షన్ ఎలాగో అక్కడ షాట్ అలాగన్నమాట. పాలు ఎన్ని పోశారు, ఆ పాలలోకి గాలి ఎంత ఎక్కించారు అన్నదాన్ని బట్టే పేరు మారుతుంది.

గాలి సంగతి కాస్త వివరంగా చూడాలి. బరిస్టా స్టీలు జగ్గులో చల్లటి పాలు పోసి, మెషీన్ పక్కనుండే ఆవిరి గొట్టం కొసను పాల పైఅంచుకు తగిలీ తగలనట్టు పెడతాడు. స్‌స్‌స్ మని సన్నటి శబ్దం వస్తుంది. పాలలోకి గాలి ఎక్కేది అప్పుడే. తర్వాత గొట్టాన్ని కాస్త లోపలికి దించితే పాలు సుడి తిరుగుతాయి, పెద్ద బుడగలు చితికి కంటికి ఆననంత సన్నవవుతాయి. ఆ బుడగల్ని విడిపోకుండా పట్టి ఉంచేది పాలలోని ప్రొటీన్లు. వేడి 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపేయాలి. అప్పుడు పాలు తియ్యగా తగులుతాయి. 70 దాటితే ఆ తీపి పోయి, కాగిన పాల వాసన మొదలవుతుంది. పొగలు కక్కే కాఫీకి అలవాటుపడ్డ మనకు కెఫే కాఫీ చల్లగా ఉన్నట్టనిపించేది ఇందుకే. ఇంకా వేడిగా కావాలని అడగొచ్చు, ఇస్తారు కూడా, కానీ పాల రుచి కొంత పోతుంది. పైన సబ్బు నురగలా పెద్ద బుడగలు కనిపిస్తే పాలకు నురగ సరిగా పట్టలేదని అర్థం.

గాలి ఎక్కువసేపు ఎక్కిస్తే కాపుచినో. కప్పు చిన్నది, సుమారు 150 నుంచి 180 మిల్లీలీటర్లు. చెంచాతో పైన పక్కకు నెట్టి చూడండి, నురగ సెంటీమీటరు మందానికి తగ్గకుండా ఉండాలి. అదే పాలలో గాలి కొంచెమే ఎక్కించి పెద్ద కప్పు నిండా పోస్తే లాటే. పైన నురగ పల్చటి పొరే.

ఫ్లాట్ వైట్‌తోనే జనం ఎక్కువ తికమకపడతారు. ఇది 1980లలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వాడుకలోకి వచ్చింది. మొదట చేసింది మేమంటే మేమని రెండు దేశాలవాళ్లూ ఇప్పటికీ వాదించుకుంటారు. చూడ్డానికి చిన్న లాటేలాగే ఉంటుంది, తాగితే తేడా తెలుస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. 300 మిల్లీలీటర్ల లాటేలో ఒక్క షాట్ పడితే 30 వంతులు కాఫీ, 270 వంతులు పాలు. అంటే ఒకటికి తొమ్మిది. 160 మిల్లీలీటర్ల ఫ్లాట్ వైట్‌లో మామూలుగా రెండు షాట్లు పోస్తారు. 60 కాఫీకి 100 పాలు, ఒకటికి రెండు కూడా లేవు. లాటే తాగి పాలే తగులుతున్నాయి, కాఫీ ఏదీ అనుకునేవాళ్లు పెద్ద కప్పు అడగడం దండగ. అమెరికా స్టార్‌బక్స్‌లో వేడి లాటే గ్రాండే సైజులోనూ, దానికన్నా పెద్దదైన వెంటీలోనూ ఉండేవి రెండేసి షాట్లే. పెరిగేది పాలు. అందుకే ఆర్డరిచ్చే ముందు సైజు కన్నా, 'ఇందులో ఎన్ని షాట్లు వేస్తారండీ?' అని అడగడం మేలు.

మకియాటో అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇటలీ పద్ధతిలో అది ఎస్ప్రెసో మీద చెంచాడు పాల నురగ, అంతే. రెండు మూడు గుక్కల్లో అయిపోతుంది, చేదుగా ఉంటుంది. పెద్ద చెయిన్ కెఫేల్లో కారమెల్ మకియాటో అంటే పొడవాటి కప్పులో పాలు, సిరప్, పైన షాట్, తియ్యటి పానీయం. రెండింటికీ పోలికే లేదు. మీకు కావలసింది చిన్న కప్పుదో పెద్ద కప్పుదో ముందే చెప్పండి.

అమెరికానోలో పాలుండవు. షాట్‌లో వేడినీళ్లు కలిపి పలచన చేస్తారు, అంతే. పాలు కావాలంటే పక్కన ఇస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోస్తే కప్పు ఒక్కసారిగా చల్లబడుతుంది కాబట్టి, వేడి పాలిమ్మని అడిగి తీసుకోండి.