అరికాలి మచ్చకు ఫొటో

పుట్టుమచ్చలు దాదాపు అందరికీ ఉంటాయి. చాలా మచ్చల వల్ల ఏ హానీ లేదు. అరుదుగా ఒక మచ్చ చర్మ కాన్సరు కావచ్చు. అలాంటి మచ్చ మారుతూ ఉంటుంది. చామనఛాయ, నలుపు ఒంటి రంగు వాళ్ళకు ఇది తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది.

మార్పు తరచుగా నెమ్మదిగా వస్తుంది. రోజూ చూసే కంటికి అది తెలియదు. పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెడితే తెలుస్తుంది.

నాట్లు వేసే ఒక అత్తకు అరికాలిలో మచ్చ ఉంది. జనవరిలో కోడలు ఫోనుతో ఫొటో తీసింది. ముందు కాలు కడిగి, తుడిచి, ఆరనిచ్చింది. బురద, పసుపు, పారాణి ఉంటే మచ్చ రంగు తప్పుగా కనిపిస్తుంది. ఫోను అద్దం కూడా మెత్తని గుడ్డతో తుడిచింది.

పగటిపూట వసారా నీడలో అత్తను కూర్చోబెట్టింది. ఎండ తగిలితే, ఫోను లైటు వేస్తే మచ్చ మెరుస్తుంది. బల్బు వెలుతురులో రంగు పసుపు పడుతుంది. కోడలు మచ్చ పక్కనే ఒక తెల్ల కాగితం ముక్క, పిల్లల స్కేలు పెట్టింది. ఫొటోలో కాగితం తెల్లగా ఉంటే రంగు సరిగా వచ్చినట్టు. స్కేలు మీది చిన్న గీతలు విడివిడిగా కనిపిస్తే ఫొటో మసకబారనట్టు.

మొదట పాదమంతా కనిపించేలా ఒక ఫొటో తీసింది. మచ్చ ఎక్కడుందో దాంతో తెలుస్తుంది. తర్వాత జానెడు దూరం నుంచి మచ్చను తీసింది. మరీ దగ్గరికి పోతే మసకబారుతుంది. ఫోనును మచ్చకు ఎదురుగా, వంచకుండా పట్టుకుంది. తెర మీద మచ్చను వేలితో తాకి, ఆ తర్వాత తీసింది. ఫొటోను అందంగా మార్చే సదుపాయాలు వాడలేదు. అవి మచ్చ రంగును, అంచును మార్చేస్తాయి.

ఆ ఫొటోలో మచ్చ గుండ్రంగా, గోధుమ రంగులో, 4 మిల్లీమీటర్లు ఉంది. కోడలు తేదీ రాసిపెట్టింది.

ఫిబ్రవరిలో అదే చోట, అదే వేళకు తీసింది. మచ్చ కోలగా కనిపించింది.
"పెరిగిందా ఏంటే?" అంది అత్త.
"లేదత్తా, స్కేలు కూడా వంకరగానే ఉంది. ఫోను ఒరిగింది" అంది కోడలు. మళ్ళీ తిన్నగా తీస్తే మచ్చ గుండ్రంగానే ఉంది. అదే 4 మిల్లీమీటర్లు.

మార్చిలో స్కేలు తిన్నగానే ఉంది, కాగితం తెల్లగానే ఉంది. కానీ మచ్చ 6 మిల్లీమీటర్లు ఉంది. ఒక సగం రెండో సగంలా లేదు. ఒక పక్క అంచు చెదిరి, అక్కడ నలుపు తిరిగింది. ఇది ఫోను తప్పు కాదు. మచ్చే మారింది. అత్తాకోడళ్ళు మరో నెల ఆగలేదు. మూడు ఫొటోలూ తీసుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు మచ్చను పరీక్షకు పంపారు.

ఫొటో మార్పును చూపిస్తుంది. రోగం ఏమిటో చెప్పదు. మచ్చ నుంచి రక్తం కారినా, పుండు పడి మానకపోయినా, త్వరగా పెరుగుతున్నా నెలనెలా ఫొటోలు తీస్తూ ఆగకూడదు. వెంటనే చూపించుకోవాలి. ఆ మచ్చను గిల్లకూడదు. సున్నం, సోడా పెట్టి కాల్చకూడదు.