పేరుంది, అక్షరం లేదు

పీడీఎఫ్ తెరవగానే ఒక్కోసారి అక్రోబాట్ రీడర్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది. “Cannot find or create the font” అని మొదలుపెట్టి ఒక ఫాంటు పేరు చెబుతుంది. కొన్ని అక్షరాలు సరిగా కనపడకపోవచ్చు, ప్రింటు కూడా సరిగా రాకపోవచ్చు అని దాని అర్థం. చాలామంది ఓకే నొక్కేసి ముందుకు పోతారు. ఇంగ్లిష్ ఫైలైతే అలా పోయినా పెద్ద నష్టం లేదు. తెలుగు ఫైలైతే ఆ పెట్టె దగ్గరే ఆగాలి.

పీడీఎఫ్ అంటే పేజీకి తీసిన ఫొటో అనుకుంటాం. స్కాన్ చేసిన కాగితమైతే నిజంగా ఫొటోయే. కంప్యూటర్లో టైపు చేసి తయారుచేసిన పీడీఎఫ్ సంగతి వేరు. అందులో మామూలుగా ఉండేవి ఆదేశాలు: పేజీలో ఫలానా చోట, ఫలానా పేరున్న ఫాంటులో, ఇంత సైజులో, ఫలానా నంబరు అక్షరం గీయి. ఆ నంబరుకు ఎలాంటి వంపు, ఎలాంటి తలకట్టు ఉంటుందో ఫాంటు ఫైలుకే తెలుసు. ఆ ఫాంటును పీడీఎఫ్‌లోనే పెట్టి పంపితే దాన్ని ఎంబెడ్ చేయడం అంటారు. పెట్టకపోతే పీడీఎఫ్‌లో ఫాంటు పేరు, అక్షరాల వెడల్పులు, అది ఏ రకం ఫాంటో చెప్పే నాలుగు గుర్తులు మాత్రమే మిగులుతాయి. తెరిచిన కంప్యూటర్లో అదే పేరుతో ఫాంటుంటే సరే. లేకపోతే రీడర్ తన దగ్గరున్న ఇంకో ఫాంటుతో పని నడిపిస్తుంది.

ఇంగ్లిష్‌లో ఈ సర్దుబాటు బాగానే కుదురుతుంది. 1993లో అడోబీ పీడీఎఫ్‌ను తెచ్చిన తొలినాళ్ల నుంచీ టైమ్స్, హెల్వెటికా, కొరియర్ వంటి 14 ఫాంట్లు ప్రతి రీడర్‌కూ అందుబాటులో ఉంటాయన్న లెక్క ఉండేది. వేరే ఫాంటైనా, అక్రోబాట్ తన దగ్గరున్న సాగే ఫాంటును ఫైలులోని వెడల్పులకు తగ్గట్టు సన్నం చేసో, వెడల్పు చేసో పెడుతుంది. పంక్తులు ఎక్కడివక్కడే ఉంటాయి, చదవడానికి ఇబ్బంది ఉండదు. అక్షరం ముఖం మాత్రం మారుతుంది. అందుకే చాలాసార్లు హెచ్చరిక కూడా రాదు, రీడర్ చడీచప్పుడు లేకుండా మార్చేస్తుంది. ఫోన్లోనో బ్రౌజర్లోనో తెరిస్తే అసలు చెప్పదనే అనుకోండి.

తెలుగులో ఏం జరుగుతుందో చూడటానికి ఒక గృహప్రవేశం కార్డు తీసుకుందాం. ఊళ్లోని డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో, అను వంటి పాత తెలుగు ఫాంటుతో కార్డు తయారైంది. పీడీఎఫ్ చేసి ఇంటాయనకు పంపారు. సెంటర్లో చూసినప్పుడు ముత్యాల్లా ఉన్న అక్షరాలు, ఆయన హైదరాబాదులో ఉన్న కొడుక్కి పంపితే యాసలున్న రోమన్ అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన పిచ్చిరాతగా మారాయి. కింద ఇంగ్లిష్‌లో ఉన్న ఫోన్ నంబరు మాత్రం శుభ్రంగా ఉంది.

ఎందుకంటే యూనికోడ్ రాకముందు చేసిన ఈ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలను సర్దుకున్నాయి. A ఉండాల్సిన గదిలో ఒక ఒత్తో, ఒక గుణింతపు ముక్కో ఉంటుంది. సెంటర్ కంప్యూటర్లో ఆ ఫాంటు ఉంది కాబట్టి తెలుగు ముక్కలే కనిపించాయి. కొడుకు కంప్యూటర్లో లేదు. రీడర్ ఆ గదికి మామూలుగా ఉండే A నే గీసింది. అది చదివే తప్పు కాదు, ఫైలు చెడిపోలేదు కూడా. అక్షరం రూపం ఫైలుతో పాటు ప్రయాణం చేయలేదు, అంతే.

యూనికోడ్ తెలుగులో సమస్య ఇంకో రకంగా ఉంటుంది. “క్ష్మి” అనే ముద్దకు యూనికోడ్‌లో విడిగా నంబరు లేదు. ఏ ఫాంటుకు ఆ ఫాంటు తన లోపలి నంబరు ఇచ్చుకుంటుంది, పీడీఎఫ్‌లో చేరేదీ ఆ లోపలి నంబరే. కాబట్టి అదే ఫాంటు ఫైలులో ఉండి తీరాలి. ఇది తెలిసే వర్డ్, లిబ్రే ఆఫీస్ వంటివి మామూలుగా మనం అడగకుండానే ఎంబెడ్ చేస్తాయి. హెచ్చరికలు ఎక్కువగా పాత ఫాంట్ల దగ్గర, పాత సాఫ్ట్‌వేర్ దగ్గర ఎదురయ్యేది ఇందుకే.

ఫైలు పంపేముందు చూసుకోవడం అరనిమిషం పని. అక్రోబాట్ రీడర్లో Ctrl+D నొక్కి Fonts అన్న చోటికి వెళితే ఫాంట్ల జాబితా వస్తుంది. పేరు పక్కన Embedded అని గానీ Embedded Subset అని గానీ ఉంటే నిశ్చింత. అది లేకుండా, కింద Actual Font దగ్గర వేరే పేరు ఉంటే అక్కడ మార్పిడి జరుగుతోందని అర్థం. ఫాంటున్న కంప్యూటర్లో మాత్రం అసలు పేరే కనిపించి మోసం చేస్తుంది. అందుకని Embedded అన్న మాట కోసమే చూడాలి. సబ్‌సెట్ అంటే కార్డులో వాడిన అక్షరాలను మాత్రమే పెట్టడం. దానివల్ల ఫైలు పెద్దగా బరువెక్కదు. సబ్‌సెట్ ఫాంటు పేరుకు ముందు ఆరు పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, ఒక కూడిక గుర్తు ఉంటాయి. హెచ్చరికలో “Cannot extract the embedded font” అని వస్తే అది వేరే జబ్బు: ఫాంటు ఉంది, రీడర్ దాన్ని బయటికి తీయలేకపోతోంది.

వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు Options లోపల PDF/A అన్న చోట టిక్ పెడితే ఎంబెడింగ్ తప్పనిసరి అవుతుంది. దశాబ్దాల పాటు దాచాల్సిన పత్రాల కోసం 2005లో వచ్చిన ప్రమాణం అది. కనిపించే ప్రతి ఫాంటూ ఫైలులోనే ఉండాలన్నది దాని నియమం. పేజ్‌మేకర్ నుంచి డిస్టిల్లర్ ద్వారా చేసేవాళ్లు ఫాంట్ల సెట్టింగులో Embed all fonts ఉందో లేదో చూసుకోవాలి. ఎంబెడింగ్ కుదరకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు పని ఆపేయమని పెట్టుకోవడం మేలు. లేకపోతే లోపం ఉన్న ఫైలే చేతికొస్తుంది.

కొన్ని ఫాంట్లు ఎంబెడ్ కానివ్వవు. ఫాంటు తయారుచేసినవాళ్లు లోపలే అనుమతి గుర్తు పెడతారు. విండోస్‌లో ఫాంటు ఫైలు ప్రాపర్టీస్‌లో Font embeddability దగ్గర Restricted అని ఉంటే పెట్టడం కుదరదు. మండలి, రామభద్ర వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన తెలుగు ఫాంట్లు, వాటితో ఈ చిక్కు లేదు. ప్రెస్సుకు పంపేవాళ్లు అక్షరాలను గీతలుగా మార్చేయడం ఇంకో దారి. ముద్రణకు అది చక్కగా పనికొస్తుంది కానీ తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా, వెతకాలన్నా కుదరదు. ఆ మాటకొస్తే పాత ఫాంటును ఎంబెడ్ చేసినా వెతుకులాట తేలిక కాదు. చూడటానికి తెలుగే, కాపీ చేస్తే మళ్లీ ఆ పిచ్చిరాతే వస్తుంది. ఎంబెడింగ్ రూపాన్ని కాపాడుతుంది, అంతవరకే దాని పని.

పిచ్చిరాత ఫైలు మీ చేతికొస్తే దాన్ని మీ దగ్గరే మళ్లీ పీడీఎఫ్‌గా ప్రింట్ చేయకండి, ఆ పిచ్చిరాత అందులో శాశ్వతంగా అచ్చయిపోతుంది. పంపినవారికి ఫోన్ చేసి, ఫాంట్లు ఎంబెడ్ చేసి మళ్లీ పంపమనండి. ఫాంటున్నది వాళ్ల కంప్యూటర్లోనే.